అలారం, సీసీ కెమెరా, గేటెడ్ కమ్యూనిటీ ఉంటే ఇంటి బీమా తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇళ్లకు బీమా పాలసీలు చేయించడం నా పని. కొత్తగా విల్లా కొన్నవాళ్లు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఇదే: "గేటెడ్ కమ్యూనిటీ అండీ, కెమెరాలున్నాయి, అలారం కూడా పెట్టించాం. ఎంత తగ్గిస్తారు?"

అపోహ: మొత్తం ప్రీమియం మీద డిస్కౌంట్ వస్తుంది.

ముందు మీ పాలసీలో దొంగతనానికి కవర్ ఉందో లేదో చూసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న 'భారత్ గృహ రక్ష' పాలసీ అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం లాంటి వాటికి వర్తిస్తుంది. దొంగతనం విషయానికొస్తే, అలాంటి ప్రమాదం జరిగి, దాని కారణంగా ఏడు రోజుల్లోపు వస్తువులు పోతేనే వర్తిస్తుంది. మామూలు రోజున తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే వర్తించదు. దానికి బర్గ్లరీ కవర్ విడిగా తీసుకోవాలి. అలారం, కెమెరా, గేటు చూసి కంపెనీ తగ్గించేది ప్రధానంగా ఈ బర్గ్లరీ భాగం ప్రీమియమే. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు ఏ సైరన్ ఆపగలిగింది? వరద భాగం ప్రీమియం కెమెరా చూసి ఎందుకు తగ్గుతుంది మరి!

లెక్క కోసం పోరంకిలో ఒక డూప్లెక్స్ అనుకుందాం. జీఎస్టీ కాక ప్రీమియం 6,000 రూపాయలు, అందులో బర్గ్లరీ వాటా 1,400. కంపెనీ 15 శాతం డిస్కౌంట్ ఇచ్చిందనుకోండి. తగ్గేది 210 రూపాయలు. ఇంటాయన మనసులో వేసుకున్న లెక్క 900. అలారం ఏడాది ఏఎంసీకి కూడా ఆ 210 చాలవు. అందుకే డిస్కౌంట్ కోసం అలారం పెట్టించమని నేను ఎవరికీ చెప్పను. పెట్టించుకున్నవాళ్లు మాత్రం ప్రపోజల్ ఫారంలో రాయకుండా వదలొద్దంటాను. అసలు డిస్కౌంట్ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని అసలు ఇవ్వవు.

అపోహ: గేటుంటే గేటెడ్, కెమెరా ఉంటే సెక్యూరిటీ.

మెట్ల కింద గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, రాత్రి పదికి గేటు వేస్తారు. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్ల పద్ధతి ఇదే. కంపెనీ అడిగేది వేరు: చుట్టూ ప్రహరీ ఉందా, ఇరవై నాలుగు గంటలూ షిఫ్టుల్లో గార్డులున్నారా, వచ్చేపోయేవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాస్తున్నారా. అసోసియేషన్ లెటర్ హెడ్ మీద ఈ మూడూ రాయించి ప్రపోజల్‌కు జత చేస్తే తర్వాత పేచీ ఉండదు.

కెమెరా కన్నా అలారానికి విలువ ఎక్కువ. కెమెరా జరిగింది చూపిస్తుంది, సైరన్ దొంగను సగంలో పారిపోయేలా చేస్తుంది. పైగా చాలా ఇళ్లలో డీవీఆర్ టీవీ కిందే ఉంటుంది. దొంగ టీవీతో పాటు దాన్నీ పట్టుకుపోతే ఇక ఫుటేజీ ఎక్కడిది? దాన్ని అటక మీదో, దొంగ కంటికి కనబడని ఇంకో చోటో పెట్టించండి.

అపోహ: ఏజెంట్ తలుచుకుంటే ఇంకాస్త తగ్గిస్తాడు.

తగ్గించకూడదు. నా కమీషన్‌లోంచి మీకు ఇచ్చినా బీమా చట్టం సెక్షన్ 41 ప్రకారం నేరమే.

అపోహ: ఒకసారి డిస్కౌంట్ వచ్చిందంటే ఇక మన పని అయిపోయినట్టే.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. అలారం ఉందని చెప్పి డిస్కౌంట్ తీసుకున్నారంటే, దాన్ని పనిచేసే స్థితిలో ఉంచుతానని ఒప్పుకున్నట్టే. కొన్ని పాలసీల్లో ఆ మాట షరతుగా రాసే ఉంటుంది.

సంక్రాంతికి ఊరెళ్తూ మనవాళ్లు చేసే మొదటి పనేంటి? మెయిన్ ఆఫ్ చేయడం. దాంతో కెమెరాలు, వైఫై అప్పుడే ఆగిపోతాయి. అలారం బ్యాటరీ కొన్ని గంటలు లాగి అదీ ఆగుతుంది. మర్నాడు వంటింటి తలుపు పగిలిందనుకోండి. సర్వేయర్ డీవీఆర్ తెరిస్తే చివరి రికార్డింగ్ మీరు బయల్దేరిన సాయంత్రానిదే ఉంటుంది. 210 రూపాయల డిస్కౌంట్ కోసం రాసిన మాట అప్పుడు లక్షల క్లెయిమ్‌కు అడ్డం పడుతుంది. మెయిన్ కట్టేయకుండా గీజరు, ఏసీ లాంటి వాటి ఎంసీబీలు మాత్రమే దించండి. వెళ్లేముందు అలారం ఒకసారి మోగించి చూడండి. ఏఎంసీ రసీదులు దాచండి. తాళం వేసిన ఇంటి మీద పోలీసులు నిఘా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేసుకోవడం మంచిదే, కానీ ఊళ్లో లేని ఆ కొన్నాళ్ల నిఘాను ఇంటి అలారంగా ప్రపోజల్‌లో రాయకండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆర్నెల్లు ఉండేవాళ్లకు ఇంకో మాట. ఇల్లు వరుసగా ఇన్ని రోజులకు మించి ఖాళీగా ఉంటే బర్గ్లరీ కవర్ వర్తించదని చాలా పాలసీల్లో ఉంటుంది. సాధారణంగా ఆ గడువు 30 రోజులు. గేటు దగ్గర ఎంతమంది గార్డులున్నా ఈ షరతు మారదు. టికెట్లు బుక్ చేసుకోగానే కంపెనీకి మెయిల్ పెట్టి, ఆ మార్పును పాలసీలో చేర్చినట్టు కంపెనీ ఇచ్చే ఎండార్స్‌మెంట్ చేతికి వచ్చాకే విమానం ఎక్కండి.