చదివేటప్పుడు కనిపించే గోడ

మా ఇంట్లో పదడుగుల గది ఒకటి పుస్తకాలకు కేటాయించుకున్నాం. రెండు వైపులా అలమరాలు, మూలన వాలుకుర్చీ, దాని పక్కన పొడుగు స్టాండు లాంపు. ఫోన్‌లో చూసిన ఫొటోల మోజులో గోడలన్నిటికీ బాటిల్ గ్రీన్ వేయించాను. ఫొటో తీస్తే మా గది కూడా బ్రహ్మాండంగానే వచ్చింది. కానీ రాత్రిపూట గంటసేపు చదివేసరికి నుదురు బిగుసుకుపోయేది. కళ్లద్దాల నంబరు మారిందేమోనని చూపించుకుంటే మారలేదన్నారు. లాంపులో ఇంకా పెద్ద బల్బు పెట్టాను. తేడా ఏమీ కనిపించలేదు.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. ఫొటోల్లో కనిపించేది కుర్చీ వెనక ఉన్న గోడ. అందులో కూర్చున్న మనిషికి అది కనిపించనే కనిపించదు. చదువుతూ తల ఎత్తినప్పుడు కంటికి ఎదురయ్యేది అవతలి గోడ. పేజీ తిప్పేటప్పుడు, ఒక వాక్యం దగ్గర ఆగి ఆలోచించేటప్పుడు చూపు అక్కడికే పోతుంది. చూపు పేజీ మీదే ఉన్నా, ఆ గోడ కంటి అంచుల్లో ఉంటూనే ఉంటుంది. కాబట్టి పెయింటు డబ్బా కొనేముందు ఆలోచించాల్సింది ఆ గోడ గురించే.

ఇక్కడ రంగు పేరు కన్నా ముందు చూడాల్సింది ఒక అంకె. పెయింటు షేడ్ల వివరాల్లో ఎల్‌ఆర్‌వీ అని ఉంటుంది. గోడ మీద పడిన వెలుగులో నూటికి ఎంత తిరిగొస్తుందో అది చెబుతుంది. నల్లటి నలుపు సున్నాకి దగ్గర, మంచి తెలుపు 85 దరిదాపుల్లో. మా బాటిల్ గ్రీన్ 8. పుస్తకాల కాగితం కాస్త గోధుమ వన్నెలో ఉన్నా 75 వరకూ ఉంటుంది.

ఒక చోట ఎంత వెలుగు పడుతోందో లక్స్‌లలో కొలిచే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుని చూశాను. ఈ యాప్‌లు కచ్చితమైనవి కావు గానీ, పోల్చి చూసుకోవడానికి సరిపోతాయి. లాంపు కింద పేజీ మీద 300 లక్స్ పడుతోంది. ఎదుటి గోడ మీద 60. పేజీ తిరిగి పంపేది 300లో 75 శాతం, అంటే 225. గోడ తిరిగి పంపేది 60లో 8 శాతం, అంటే 5కి కొంచెం తక్కువ. పేజీ గోడకన్నా 47 రెట్లు వెలుగుగా ఉందన్నమాట. పేజీ నుంచి గోడకీ, గోడ నుంచి పేజీకీ చూపు మారిన ప్రతిసారీ కన్ను ఆ తేడాకు సర్దుకోవాలి. పెద్ద బల్బు ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. బల్బు పెంచితే పేజీ వెలుగూ పెరుగుతుంది, గోడ వెలుగూ అదే పాళ్లలో పెరుగుతుంది. 47 రెట్లు 47 రెట్లుగానే ఉంటాయి.

లైటింగ్ ఇంజనీర్లు చాలాకాలంగా వాడుతున్న ఒక అంచనా ఉంది. పేజీకీ, దాన్ని ఆనుకుని ఉన్న బల్లకో ఒడికో మధ్య తేడా 3 రెట్లు దాటకూడదు. పేజీకీ, దూరంగా ఉన్న గోడకీ మధ్య 10 రెట్లు దాటకూడదు. దాటితే కళ్లు పాడైపోతాయని కాదు, అలిసిపోతాయి. మసక వెలుతురులో చదివితే చూపు పోతుందని పెద్దవాళ్లు తిట్టేవాళ్లు గానీ, దానికీ ఆధారం లేదు.

ఎదుటి గోడ ఒక్కదానికే ఎల్‌ఆర్‌వీ 55 ఉన్న లేత బూడిద పచ్చ వేయించాను. లేత రంగు గదిలో కాస్త ఎక్కువ వెలుగు తిప్పుతుంది కనుక గోడ మీద లక్స్ 65కి పెరిగింది. అందులో 55 శాతం అంటే దాదాపు 36. పేజీతో తేడా 6 రెట్లకు కాస్త పైన. కుర్చీ వెనక ముదురు పచ్చ అలాగే ఉంది, ఫొటోలకు.

మరి తెల్లగా 85 వేసేస్తే పోలేదా? రాత్రికి బాగానే ఉంటుంది. మా గదికి పడమటి కిటికీ ఉంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ నేరుగా ఆ గోడ మీద పడితే, అప్పుడు గోడే పేజీకన్నా వెలుగుగా మారి కళ్లు చికిలించాల్సి వస్తుంది. పగలూ రాత్రీ చదివే గదిలో 50 నుంచి 65 మధ్య ఉన్న షేడు మేలని నా లెక్క. ఉత్తరపు కిటికీ మాత్రమే ఉంటే 70 దాకా వెళ్లొచ్చు.

బల్ల విషయంలో మూడు రెట్ల లెక్క ఇంకా కఠినం. నల్ల గ్రానైటు పలకో, ముదురు వాల్‌నట్ సన్‌మైకానో ఉన్న బల్ల మీద పుస్తకం పెడితే పేజీకీ బల్లకీ మధ్య మూడు రెట్లు సులువుగా దాటుతుంది. లేత చెక్క రంగు బల్ల చాలు. అదీ లేకపోతే పుస్తకం కింద ఒక లేత గోధుమ రంగు గుడ్డ పరిచినా పని జరుగుతుంది. తెల్ల పంచె కట్టుకుని ఒళ్లో పుస్తకం పెట్టుకున్న తాతయ్యలకు ఈ బాధే లేదు.

ఎంత మంచి షేడైనా మెరుపు ఉంటే దండగ. షీన్ ఎమల్షన్ మీద లాంపు ప్రతిబింబం తెల్లటి మచ్చలా కూర్చుంటుంది. చదివే గదికి మెరుపు లేని మ్యాటే. మా పెయింటరు మాత్రం వద్దన్నాడు. "మ్యాట్ అయితే చేతి మరకలు పోవండి, పిల్లలున్న ఇల్లు" అన్నాడు. నిజమే, తడిగుడ్డతో రుద్దితే మ్యాట్ అక్కడక్కడా నిగనిగలాడుతుంది. ఎదుటి గోడ వరకే మ్యాట్ అని రాజీపడ్డాం. బల్ల మీది మెరుపు పట్టుకోవడానికి ఒక చిన్న అద్దం చాలు. పుస్తకం ఉండే చోట అద్దం పడుకోబెట్టి, మామూలుగా కూర్చుని అందులోకి చూడండి. బల్బు కనిపిస్తే లాంపు తప్పు చోట ఉన్నట్టు. పక్కకి జరుపుతూ బల్బు మాయమైనచోట ఆపండి. ఆర్టు కాగితం మీద అచ్చు మెరిసి కనపడకుండా పోయే చిక్కు కూడా దీంతోనే తీరుతుంది.

ఇక పచ్చా, నీలమా, గోధుమ రంగా అన్నది. పచ్చ కళ్లకు చలవ అన్న మాటకు ఒక ఆసక్తికరమైన తోడు ఉంది. 1914లో శాన్ ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ తన ఆపరేషన్ గదిని పాలకూర పచ్చగా మార్చాడు. అప్పటి తెల్ల గోడల, తెల్ల గుడ్డల మెరుపులో గాయం వివరాలు సరిగ్గా కనపడక ఆయన ఆ పని చేశాడు. రక్తపు ఎరుపుకు ఎదురు రంగు కనుక పచ్చను ఎంచుకున్నాడు. మన పేజీలో ఎరుపు లేదు, నలుపూ తెలుపే. కాబట్టి పచ్చే కావాలన్న పట్టుదల అక్కర్లేదు. ఎల్‌ఆర్‌వీ కుదిరితే ఇసుక రంగైనా, మబ్బు రంగైనా ఒకటే.

కానీ రంగు ఏదైనా షేడ్ కార్డులో చూసినదానికన్నా గదిలో ముదిరి కనిపిస్తుంది. వెలుగు ఒక గోడను తాకి ఇంకో గోడకు పోతుంది కదా. ఒక లేత నారింజ షేడు ఎరుపును 80 శాతం, నీలాన్ని 60 శాతం తిప్పుతుందనుకోండి. అదే రంగున్న రెండో గోడను కూడా తాకేసరికి ఎరుపు 64, నీలం 36 మిగులుతాయి. ఒకటిన్నర రెట్లు కూడా లేని తేడా పావు తక్కువ రెండు రెట్లయింది. కార్డులో నచ్చినదానికి ఒక మెట్టు లేతది తీసుకోమనేది అందుకే. శాంపిల్‌ను రెండడుగుల చదరంలో రెండు కోటింగులు వేసి, రాత్రి మీ లాంపు వెలుగులోనే చూడాలి. తెల్లటి వెలుగిచ్చే 6500 కెల్విన్ ట్యూబులైటు కింద చల్లగా కనిపించిన బూడిద పచ్చ, పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్ బల్బు కింద పసుపుగా తిరుగుతుంది.

చదివేటప్పుడు మనం రెప్పలు తక్కువ ఆర్పుతాం. దాంతో వచ్చే పొడి మంటకు ఏ రంగూ మందు కాదు. అరవై దాటినవాళ్ల కంటి తెరకు చేరే వెలుగు ఇరవై ఏళ్లవాళ్లకు చేరేదాంట్లో మూడో వంతే. వాళ్లకు గోడకన్నా ముందు లాంపే మార్చాలి.

మా గోడకు మాత్రం రెండు కోటింగులతో పని అవ్వలేదు. ప్రైమర్ ఎందుకులే అని దండగ మాట అన్నది నేనే. రెండోది ఆరాక కూడా లోపలి పచ్చ చారలుగా తేలింది. మళ్లీ ప్రైమర్ కొట్టి, దాని మీద ఇంకో రెండు వేయాల్సి వచ్చింది.