మారియో వీడియో మీద రేగిన గొడవ: మనిషి రన్ వేరు, టాస్ వేరు

2003 చివర్లో నెట్‌లో ఒక వీడియో చేతులు మారుతూ తిరిగింది. సూపర్ మారియో బ్రదర్స్ 3ని పదకొండు నిమిషాల్లో ముగించిన వీడియో అది. ఎక్కడా తడబాటు లేదు. స్క్రీన్ దానంతటదే మెల్లగా జరిగే లెవెల్స్‌లో తొందరపడి లాభం లేదు కాబట్టి, మారియో తీరిగ్గా శత్రువుల తలల మీద గెంతుతూ లైఫులు పోగేసుకున్నాడు. చూసినవాళ్లు ఇదంతా ఎవరో చేత్తో ఆడారనుకున్నారు. పాత గేమ్ యంత్రంలా కంప్యూటర్‌ని నడిపించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్ మీద తయారు చేశానని మోరిమోటో అనే ఆ జపాన్ ఆటగాడు తన పేజీలో చెప్పుకున్నా, ఆ మాట వీడియోతో పాటు వెళ్లలేదు. విషయం తెలిశాక మోసమంటూ తిట్టిపోశారు. నన్నడిగితే అందులో మోసం లేదు, సీసా మీద చీటీ లేదంతే.

ఆ డిసెంబర్‌లోనే బిస్క్విట్ అనే ఫిన్లాండ్ ప్రోగ్రామర్ ఇలాంటి రన్‌ల కోసం ప్రత్యేకంగా సైట్ పెట్టాడు. ఇప్పటి టాస్‌వీడియోస్ అదే. ఆటను వీలైనంత వేగంగా ముగించడం స్పీడ్‌రన్, అంటే రన్. దాన్ని ఇలా టూల్స్ సాయంతో తయారు చేస్తే టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్, దాని పొట్టి పేరే టాస్.

పని ఇలా సాగుతుంది. సెకనుకి దాదాపు 60 ఫ్రేములు నడిచే ఆటను ఒక్కో ఫ్రేము దగ్గర ఆపి, ఏ బటన్ నొక్కాలో రాస్తారు. గెంతు కుదరకపోతే సేవ్ చేసిన చోటికి వెనక్కి వెళ్లి మళ్లీ రాస్తారు. చివరికి మిగిలేది వీడియో కాదు, బటన్ల చిట్టా. పరీక్ష కూడా దాని మీదే. ఆట కోడ్ ముట్టుకోకూడదు. పవర్ ఆన్ చేసిన క్షణం నుంచి చిట్టాను ఆడిస్తే అదే ఫలితం రావాలి. ఎక్కడైనా ఒక్క ఫ్రేము తేడా పడితే మారియో గోతిలో పడతాడు, మిగతా బటన్లు గాలిలో నొక్కినట్టే. దీన్ని డీసింక్ అంటారు.

మనిషి రన్‌లో వెనక్కి వెళ్లడం, స్లో చేయడం, పట్టుకుంటే చాలు గబగబా నొక్కుతూనే ఉండే టర్బో బటన్ కుదరవు. ఎడమ, కుడి ఒకేసారి నొక్కడమూ నిషేధమే. అసలు కంట్రోలర్‌లో ఆ బటన్ ఒకే ముక్క, ఒక వైపు నొక్కితే రెండో వైపు లేస్తుంది. కీబోర్డ్ మీదైతే రెండూ నొక్కేయొచ్చు. టాస్‌లో మాత్రం దానికి అనుమతి ఉంది, ఆ సంకేతం వస్తే యంత్రం తీసుకుంటుంది కాబట్టి.

మొదటి సూపర్ మారియో బ్రదర్స్‌లో ఈ రెండు రకాల రన్‌ల మధ్య దూరం బాగా తగ్గింది. అందులో లెవెల్ ముగిశాక తర్వాతిది 21 ఫ్రేములకోసారి మాత్రమే మొదలవుతుంది. ఆటగాళ్లు దీన్ని బస్సుతో పోలుస్తారు: స్టాపుకి కాస్త ముందొచ్చినా బస్సు దాని టైముకే కదులుతుంది. అందుకే టాస్‌తో సరిగ్గా అదే బస్సు అందుకోవడం మనిషికీ సాధ్యమైంది. చివరి లెవెల్ 8-4లో మాత్రం బస్సు లేదు, ప్రతి ఫ్రేమూ లెక్కే. 2021లో నిఫ్ట్‌స్కీ 4 నిమిషాల 55 సెకన్ల లోపు ముగించి ఆ గీత దాటిన తొలి మనిషయ్యాడు. లెవెల్ చివర జెండా కిందికి దిగే సమయాన్ని తప్పించే ట్రిక్కు లేకుండా అది కుదిరేది కాదు. ఆ ట్రిక్కు టాస్‌కే పరిమితమని చాలాకాలం అనుకున్నారు.