ఫ్లాట్ పెగ్ వస్తే పిట్యూటరీ వచ్చినట్టేనా? నిమోనిక్‌లు, ఫ్లాష్‌కార్డులపై అపోహలు - వాస్తవాలు

మెడికల్, నర్సింగ్ విద్యార్థులకు ఫిజియాలజీ చెబుతున్నాను. వైవా టేబుల్ దగ్గర ఏటా ఒకే దృశ్యం. "యాంటీరియర్ పిట్యూటరీ హార్మోన్లు చెప్పమ్మా" అంటే ‘ఫ్లాట్ పెగ్’ అనే కొండగుర్తు పట్టుకుని ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తారు: ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఏసీటీహెచ్, టీఎస్‌హెచ్, ప్రోలాక్టిన్, ఎండార్ఫిన్, గ్రోత్ హార్మోన్. "బాగుంది. మరి హైపోథలమస్‌కీ పిట్యూటరీకీ మధ్య ఉన్న కాడ తెగిపోతే వీటిలో ఏది పెరుగుతుంది?" అని అడుగుతాను. "అన్నీ తగ్గుతాయి మేడమ్" అంటారు. చదవక కాదు, రాత్రంతా చదివినవాళ్లే అలా అంటారు. ఆ తప్పు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: కొండగుర్తు వచ్చిందంటే టాపిక్ వచ్చినట్టే.

వాస్తవం: కొండగుర్తు పేర్లను మాత్రమే గుర్తుపెడుతుంది. పైగా వాటన్నింటినీ ఒకే వరుసలో నిలబెట్టి, అన్నీ ఒకేలా పనిచేస్తాయన్న భావన కలిగిస్తుంది. ఫ్లాట్ పెగ్‌లోని ‘పి’ దగ్గరే ఆ తేడా వస్తుంది.

మిగతా హార్మోన్లు ప్రధానంగా హైపోథలమస్ ‘విడుదల చెయ్యి’ అంటేనే వస్తాయి. ప్రోలాక్టిన్ సంగతి వేరు. దాన్ని తయారుచేసే కణాలు తమంతట తామే విడుదల చేస్తూ పోతాయి. హైపోథలమస్ నుంచి సన్నని రక్తనాళాల ద్వారా కాడ గుండా కిందికి వచ్చే డోపమైన్ వాటికి ఎప్పుడూ బ్రేక్ వేసి ఉంచుతుంది. కాడ తెగినా, పక్కన పెరిగిన గడ్డ దాన్ని నొక్కినా డోపమైన్ కిందికి రాదు. దాంతో మిగతావి తగ్గుతాయి, ప్రోలాక్టిన్ పెరుగుతుంది.

ఇది తెలిస్తే వార్డులో కనిపించేవి చాలా అర్థమవుతాయి. వాంతులకు డోమ్‌పెరిడోన్ వాడుతున్న ఒకావిడకు, పసిబిడ్డ లేకపోయినా రొమ్ముల నుంచి పాలు వస్తున్నాయనుకోండి. డోమ్‌పెరిడోన్ డోపమైన్ రిసెప్టర్‌ని మూసేస్తుంది. ఈ మందు మెదడులోకి పెద్దగా వెళ్లదు కదా అని మీకు సందేహం రావచ్చు. పిట్యూటరీ బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్‌కి బయట ఉంటుంది కాబట్టి అక్కడికి సులువుగా చేరుతుంది. బ్రేక్ పోయింది, ప్రోలాక్టిన్ పెరిగింది. పెరిగిన ప్రోలాక్టిన్ జీఎన్‌ఆర్‌హెచ్‌ని అణిచేస్తుంది కాబట్టి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ తగ్గి ఆవిడకు నెలసరి కూడా ఆగిపోవచ్చు. ప్రోలాక్టిన్ గడ్డకి కాబెర్గోలిన్ ఎందుకిస్తారో కూడా ఇక వేరే బట్టీ పట్టనక్కర్లేదు. డోపమైన్ చేసే పనే అదీ చేస్తుంది.

కొండగుర్తు మానేయమని నేను చెప్పను. పేర్లు తడుముకోకుండా వస్తేనే ఆలోచించడానికి తీరిక దొరుకుతుంది. కాకపోతే కొండగుర్తు నేర్చుకున్న రోజే, "ఈ వరుసలో మిగతావాటిలా లేనిది ఏది, ఎందుకు?" అని ఒక కార్డు రాసుకోండి.

అపోహ: ఒక పాత్‌వే మొత్తం ఒకే కార్డులో ఉంటే లింకు తెగదు.

వాస్తవం: తెగేది అక్కడే. ఒక విద్యార్థిని కార్డు చూశాను. ముందువైపు ‘ప్రోలాక్టిన్ రెగ్యులేషన్’ అని రాసి ఉంది, వెనక చిన్న అక్షరాల్లో పదకొండు లైన్లు. చదివిన ప్రతిసారీ ఏడెనిమిది గుర్తొచ్చేవి, ‘వచ్చింది’ అనుకుని తిప్పేసేది. ప్రతిసారీ మర్చిపోయేది ఆ మూడు లైన్లే. ఇద్దరం కూర్చుని దాన్ని ఇలా విడగొట్టాం:

ముందు: కాడ తెగితే ప్రోలాక్టిన్ ఏమవుతుంది, ఎందుకు?
వెనక: పెరుగుతుంది. డోపమైన్ బ్రేక్ కిందికి రాదు.

ముందు: డోమ్‌పెరిడోన్ వాడితే పాలు వస్తున్నాయి. అడ్డు ఎక్కడ పడింది?
వెనక: పిట్యూటరీ కణాల మీది డీ2 రిసెప్టర్ దగ్గర.

ముందు: థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయని మనిషిలో ప్రోలాక్టిన్ ఎందుకు పెరగొచ్చు?
వెనక: టీఆర్‌హెచ్ పెరుగుతుంది. అది ప్రోలాక్టిన్‌ని కూడా ప్రేరేపిస్తుంది.

ఒక్కో కార్డులో ఒక్క బాణం గుర్తే ఉంది. మరి బాణాలన్నీ కలిసేదెక్కడ? తెల్ల కాగితం మీద. వారానికోసారి ఏమీ చూడకుండా ఆ పాత్‌వే మొత్తం గీయాలి. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడ కొత్త కార్డు పుట్టాలి. కార్డులు ముక్కల్ని నిలబెడతాయి, బొమ్మని నిలబెట్టేది గీయడమే. రెంటిలో ఏది మానినా రెండోది బలహీనపడుతుంది.

అపోహ: వరుస తప్పకుండా వస్తే చాలు.

వాస్తవం: మన తెలుగు సంవత్సరాల పేర్లు గుర్తున్నవాళ్లని ముప్పై ఏడోది ఏదని అడిగి చూడండి. ప్రభవ, విభవ, శుక్ల నుంచి మొదలుపెడతారు. క్రేనియల్ నెర్వ్‌ల విషయంలోనూ అంతే, ఏడోది అనగానే వేళ్లు లెక్కపెడతారు. పైగా ఆ ఇంగ్లిష్ కొండగుర్తులో మొదటి మూడూ ‘ఓ’లే. ఆల్ఫాక్టరీ, ఆప్టిక్, ఆక్యులోమోటార్‌లలో ఏది ఏదో ఆ వాక్యం చెప్పదు. నంబరు నుంచి పనికి, పని నుంచి నంబరుకి, కలగలిపి కార్డులు చేసుకుంటే ఈ ఇబ్బంది పోతుంది.

అపోహ: నెర్వ్‌కీ, చెయ్యి ఆకారానికీ జత కుదిరితే నెర్వ్ ఇంజురీలు వచ్చినట్టే.

వాస్తవం: ‘డాక్టర్ కుమా’ అందరికీ వస్తుంది: డ్రాప్ రేడియల్, క్లా అల్నార్, మీడియన్ ఏప్. జత నిజమే. కానీ అల్నార్ నెర్వ్‌కి దెబ్బ మణికట్టు దగ్గర తగిలితే వేళ్లు ఎక్కువ వంకర పోతాయా, మోచేతి దగ్గర తగిలితేనా? పైన తగిలితే నష్టం ఎక్కువ కాబట్టి వంకరా ఎక్కువే అనుకుంటారు. ఉల్టా.

మీ చెయ్యి చూసుకుంటూ చదవండి. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొదటి కణుపు దగ్గర వంచి, పై కణుపులు చాపేవి లంబ్రికల్ కండరాలు. ఈ రెండు వేళ్లకీ వాటిని నడిపేది అల్నార్. అవి పడిపోతే మొదటి కణుపు వెనక్కి లాగుకుపోతుంది, వేలి కొనలు ముందుకి వంగుతాయి. ఆ కొనల్ని వంచి లాగేది ముంజేతిలోని లోతు కండరం. ఈ రెండు వేళ్లకి సంబంధించినంతవరకు దానికీ అల్నారే ఆధారం. మణికట్టు దగ్గర తెగితే ఆ కండరం బతికే ఉంటుంది, గట్టిగా లాగుతుంది. మోచేతి పైన తెగితే లాగే కండరమే పడిపోతుంది, అందుకే వంకర తక్కువ.

దీన్నుంచి ఇంకో విషయం కూడా తెలుస్తుంది. పైన దెబ్బ తగిలిన నెర్వ్ కోలుకునేటప్పుడు ముందు ముంజేతి కండరానికి బలం వస్తుంది, వేళ్లు మునుపటికన్నా వంగుతాయి. పేషెంటు "ఇంకా పాడైపోయింది" అని భయపడతాడు. అది కోలుకుంటున్న గుర్తు కావచ్చని చెప్పగలగాలి. అందుకే ‘డాక్టర్ కుమా’ కార్డు వెనకే ఇంకో కార్డు ఉండాలి: ‘మణికట్టా, మోచెయ్యా? దేనిలో వంకర ఎక్కువ, ఏ కండరం వల్ల?’

అపోహ: కార్డు తిప్పగానే జవాబు వస్తే నేర్చుకున్నట్టే.

వాస్తవం: ప్రశ్న సగం చదవకముందే జవాబు నోటికొస్తే అనుమానించండి. మీరు గుర్తుపట్టింది ప్రశ్నని కాదు, ఆ కార్డు రూపాన్ని. అప్పుడు జవాబు చెప్పి ఆగకుండా ‘అయితే తర్వాత ఏమవుతుంది?’ అని ఇంకో మెట్టు చెప్పండి. చెప్పలేకపోతే ప్రశ్నని వేరేలా తిరగరాయండి.

ఆంకీ వాడేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. జవాబు మర్చిపోయినా `Again` నొక్కడానికి మనసొప్పక `Hard` నొక్కుతారు. ఆ యాప్ దృష్టిలో `Hard` అంటే కష్టంగానైనా గుర్తొచ్చిందని అర్థం. మర్చిపోయిన కార్డు త్వరగా తిరిగి రావాల్సింది పోయి, దూరం జరిగిపోతుంది. మర్చిపోతే `Again` నొక్కండి. ఒకే కార్డు నాలుగైదు సార్లు అలా వెనక్కొస్తుంటే తప్పు మీ జ్ఞాపకశక్తిది అనుకోవద్దు. ఆ కార్డులో రెండు ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయేమో చూసి విడదీయండి.