పిల్లలు రాసే బిట్స్: స్టార్లు ఎక్కువ వస్తే ప్రశ్న సరైనదేనా?

నేను హైదరాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ సెకండియర్‌కు ఫిజిక్స్ చెబుతాను. మూడేళ్లుగా చాప్టర్ అయిపోగానే పిల్లల చేతే బిట్స్ రాయిస్తున్నాను. మా కాలేజీ ఆన్‌లైన్ పాఠాలకు వాడే మూడిల్‌లో స్టూడెంట్‌క్విజ్ అనే ప్లగిన్ ఉంది. అందులో ఒక్కొక్కరూ ఒక బిట్ రాసి, కీతో పాటు వివరణ కూడా పెడతారు. క్లాసులో మిగతావాళ్లు దానికి జవాబిస్తారు. జవాబిచ్చాకే కీ కనబడుతుంది, అప్పుడు ఐదింటికి ఇన్ని స్టార్లని ఇచ్చి కామెంట్ రాస్తారు. ఆఖర్న నేను చూసి, బాగుంటే Approved అని పెడతాను. ఈ పద్ధతి గురించి స్టాఫ్ రూమ్‌లో తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మొదట్లో నేనూ నమ్మాను.

అపోహ: పది మంది చూసి మెచ్చుకున్న ప్రశ్నను టీచర్ మళ్లీ చూడక్కర్లేదు.

వాస్తవం: నేను నమ్మింది ఇదే. కరెంట్ ఎలక్ట్రిసిటీ చాప్టర్‌లో ఒకబ్బాయి ఈ బిట్ రాశాడు:

"60 W, 100 W బల్బులను సిరీస్‌లో కలిపి 230 V సప్లైకి ఇచ్చారు. ఏది ఎక్కువ వెలుగుతుంది? 1) 60 W బల్బు 2) 100 W బల్బు 3) రెండూ సమానంగా 4) రెండూ వెలగవు."

కీ 2 అని పెట్టాడు. వివరణలో "పవర్ ఎక్కువ ఉన్న బల్బే ఎక్కువ వెలుగుతుంది" అని ఒక్క వాక్యం రాశాడు. పద్నాలుగు మంది జవాబిచ్చారు. వాళ్లలో పదకొండు మంది 2 అనే పెట్టారు. స్టార్లు సగటున నాలుగు దాటాయి. కామెంట్లలో "సూపర్ బిట్ రా", "ఎంసెట్‌లో వచ్చేలా ఉంది" అని ఉన్నాయి.

కీ మాత్రం తప్పు. బల్బు మీద రాసిన వాట్లు 230 V పూర్తిగా దానికే అందినప్పటి లెక్క. ఆ లెక్కన R = V²/P కాబట్టి 60 W బల్బు నిరోధం సుమారు 882 ఓములు, 100 W బల్బుది 529 ఓములు. సిరీస్‌లో రెండింటిలోనూ ఒకటే కరెంట్, దాదాపు 0.163 ఆంపియర్లు. I²R వేస్తే 60 W బల్బుకు 23 వాట్లకు పైగా, 100 W బల్బుకు 14 వాట్లే వస్తాయి. ఫిలమెంట్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి అసలు అంకెలు కొంచెం మారతాయి. అయినా ఎక్కువ వెలిగేది 60 W బల్బే.

రాసినవాడికీ చదివినవాళ్లకూ ఉన్నది ఒకటే పొరపాటు. అందుకే వాళ్ల జవాబులు కీతో చక్కగా సరిపోయాయి, స్టార్లూ వచ్చాయి. స్టార్లను బట్టి తెలిసేది ప్రశ్న చదవడానికి ఎంత బాగుందన్నదే. కీ సరైనదో కాదో వాటిని చూసి చెప్పలేం.

అది ఎలా దొరికిందంటే, కీకి ఒప్పుకోని ఆ ముగ్గురూ ఎవరో చూశాను. అంతకుముందు రెండు చాప్టర్లలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే ముగ్గురూ. బాగా చదివేవాళ్లు తప్పి, మిగతావాళ్లకు రైటయ్యే ప్రశ్న ఎదురైతే ముందు కీని అనుమానించండి. ఇక క్లాసులో ఎక్కువమంది కీతో విభేదించిన ప్రశ్న ఉందనుకోండి. అక్కడ కీ అయినా తప్పై ఉండాలి, లేదా క్లాసుకు ఆ విషయం అర్థం కాకపోయి ఉండాలి. ఏదైనా సరే, దాన్ని మీరే చదివి తేల్చాలి.

అపోహ: అన్నీ దిద్దాలంటే రాత్రంతా కూర్చోవాలి.

వాస్తవం: మా క్లాసులో 42 మంది. ఒక్కో బిట్‌కు మూడు నిమిషాలు వేసుకుంటే రెండు గంటల పని, అదీ చాప్టర్‌కు ఒకసారి. నేను ప్రశ్న కంటే ముందు వివరణ చదువుతాను. "సూత్రం ప్రకారం", "టెక్స్ట్‌బుక్‌లో ఉంది" అని ఊరుకున్న వివరణ కనబడితే అక్కడితో ఆపి వెనక్కి పంపేస్తాను. బల్బుల బిట్‌లోనూ తప్పు ఎక్కడుందో తెలిసేది ఆ ఒక్క వాక్యంలోనే. ఇంకో సంగతి, నేను ఒప్పుకున్నాక రాసినవాళ్లు ప్రశ్న మారిస్తే దాన్ని కొత్త ప్రశ్నలాగే మళ్లీ చదవాలి. ఒక్క అంకె మారినా కీ మారిపోవచ్చు.

అపోహ: పిల్లలు కోఠీలో దొరికే బిట్ బ్యాంకుల్లోంచి ఎత్తి రాసేస్తారు.

వాస్తవం: మొదటి చాప్టర్‌కు అలాగే రాశారు. ఆ తర్వాత ఒక్క నియమం పెట్టాను. ప్రతి తప్పు ఆప్షన్ పక్కనా "ఏం పొరబడితే ఇది పెడతారు" అని ఒక వాక్యం రాయాలి. బిట్ బ్యాంకులో అది ఉండదు కాబట్టి ఎత్తి రాసినా ఆ వాక్యం కోసం సొంతంగా ఆలోచించక తప్పదు. మన బల్బుల బిట్‌లో 100 W పెట్టేవాళ్లు, బల్బు మీద రాసిన వాట్లు ఎక్కడైనా మారవనుకుంటారు. 'సమానంగా' అనేవాళ్లు కరెంట్ ఒకటే అయితే వెలుగూ ఒకటే అనుకుంటారు. మరి 'రెండూ వెలగవు' ఎవరు పెడతారు? ఆ అబ్బాయి చాలాసేపు ఆలోచించి, "ఎవరూ పెట్టరు మేడమ్, నాలుగు ఉండాలి కదా అని రాశా" అన్నాడు.

నాలుగు ఉండి తీరాలన్న పట్టుదల అక్కర్లేదు. బిట్‌కు ఎన్ని ఆప్షన్లు ఉండాలన్న దాని మీద ఎనభై ఏళ్ల పరిశోధనలను ఒక్కచోట పెట్టి చూసిన రోడ్రిగెజ్ అనే పరిశోధకుడు 2005లో మూడు ఆప్షన్లు చాలని తేల్చారు. నాలుగోది ఎవరూ పెట్టనిదైతే చదివే టైమ్ పోవడం తప్ప ఫలితం లేదు. ఎంసెట్ అలవాటు వల్ల పిల్లలకు నాలుగే కావాలనిపిస్తుంది. నేను మాత్రం పనికొచ్చే నాలుగోది దొరికితేనే ఉంచమంటాను.

అపోహ: పిల్లలకు రివ్యూ చేయడం రాదు, ఫ్రెండ్స్‌కు ఐదు స్టార్లు ఇచ్చేసుకుంటారు.

వాస్తవం: పేర్లు కనబడితే ఇచ్చేసుకుంటారు. సెట్టింగ్స్‌లో పేర్లు కనబడకుండా చేయొచ్చు, అది మొదటి రోజే చేయండి. అది చేసినా "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది. అందుకే కామెంట్‌లో రెండే అడుగుతాను: ఏ ఆప్షన్‌ను ఎవరూ పెట్టరు? ప్రశ్నలో ఏ మాటను రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు?

ఈ రెండో ప్రశ్న వల్ల నాకు తట్టనిది ఒకటి బయటపడింది. బల్బుల బిట్‌ను సరిచేసి మళ్లీ పెట్టించాక ఒకమ్మాయి ఇలా రాసింది: "మా ఇంట్లో అన్నీ ఎల్‌ఈడీ బల్బులే. వాటిని సిరీస్‌లో పెడితే ఇదే లెక్క వస్తుందా?" రాదు. ఎల్‌ఈడీ బల్బులో డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది, దాన్ని ఒక స్థిరమైన నిరోధంగా తీసుకోలేం. నేను చదువుకునే రోజుల్లో బల్బంటే ఫిలమెంట్ బల్బే. ఆ మాట విడిగా రాయాలని నాకు తోచలేదు, బిట్ రాసిన అబ్బాయికీ తోచలేదు.

చివరికి ఆ బిట్ ఇలా తేలింది: "230 V వద్ద 60 W, 100 W రేటింగ్ ఉన్న రెండు ఫిలమెంట్ బల్బులను సిరీస్‌లో కలిపి 230 V సప్లైకి ఇచ్చారు. ఏది ఎక్కువ వెలుగుతుంది? 1) 60 W బల్బు 2) 100 W బల్బు 3) రెండూ సమానంగా." కీ 1. వివరణలో పై లెక్కంతా ఆ అబ్బాయే రాశాడు. యూనిట్ టెస్ట్‌లో దాన్నే మూడో ప్రశ్నగా పెట్టాను. 42 మందిలో 27 మంది సరిగ్గా రాశారు. మిగతా పదిహేను మందిలో పన్నెండు మంది 100 W అన్నారు, ముగ్గురు సమానం అన్నారు. మర్నాడు క్లాసులో ముందు ఆ పన్నెండు మంది పొరపాటే తీసుకుని, అదే రెండు బల్బులను పారలల్‌లో కలిపితే ఏమవుతుందో బోర్డు మీద వేయించాను.