షుగర్ తగ్గితే మంచిదే కదమ్మా

చెన్నై, పెరంబూరు

చిరంజీవులకు,

మీరు నర్సింగ్ కాలేజీ క్యాంపు కోసం రాసిన కరపత్రం అందింది. సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు నుంచి తెల్లవారుజామున రైలెక్కి మన చెన్నై ఆసుపత్రులకు వచ్చేవాళ్ళ చేతికి తెలుగులో ఒక కాగితం ఇవ్వాలనుకోవడం నాకు చాలా నచ్చింది. మిగతా పేజీల సంగతి తర్వాత చెబుతాను. ఈ ఉత్తరం ఒక్క పేరా గురించే. అది తప్పుగా అర్థమైతే ప్రాణం మీదికి వస్తుంది.

మీరు రాసింది ఇదీ: "హైపోగ్లైసీమియా అనగా రక్తంలో గ్లూకోజ్ స్థాయి తగ్గుట. అధిక స్వేదము, ప్రకంపనలు, హృదయ స్పందన వేగవంతమగుట దీని లక్షణములు. తక్షణమే 15 గ్రాముల కార్బోహైడ్రేట్లు తీసుకొని వైద్యుని సంప్రదించవలెను."

హైపోగ్లైసీమియా కష్టమైన మాట అని మీకే తోచి, పక్కనే తెలుగులో అర్థం ఇచ్చారు. అసలు చిక్కు ఆ అర్థంలోనే ఉంది. నేను షుగర్ క్లినిక్‌లో నర్సుగా ఉన్న రోజుల్లో మేమూ అచ్చం ఇలాగే వేయించాం. ఇన్సులిన్ వేసుకునే ఒక పెద్దాయన పొద్దున ఇంజెక్షన్ వేసుకుని, టిఫిన్ తినకుండా బయల్దేరి, రైల్లో చెమటలతో తడిసిపోయి మా దగ్గరికి వచ్చాడు. జేబులో మా కాగితం ఉంది. "చదివారా?" అంటే, "చదివానమ్మా. షుగర్ తగ్గితే అని రాశారు. తగ్గితే మంచిదే కదమ్మా, తగ్గాలనే గదా ఇన్నేళ్ళుగా మందులు మింగుతున్నా!" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ప్రతి చెకప్‌లోనూ "షుగర్ తగ్గింది, శభాష్" అన్నది మేమే. షుగర్ ఉన్నవాళ్ళ ఇంట్లో తగ్గడం శుభవార్త. దాన్నే ప్రమాదానికి పేరుగా పెడితే ఎవరు భయపడతారు?

అందుకే ఆ పేరాలో "తగ్గడం" వద్దు. "షుగర్ మరీ పడిపోవడం" అనండి. "షుగర్ డౌన్ అయిపోయింది" అని కూడా జనం అంటారు, అదీ రాయొచ్చు. ఇంగ్లీషు మాట తీసేసి దాని స్థానంలో సంస్కృతం పెడితే చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. "మధుమేహం" కన్నా "షుగర్" తేలిక. అది ఎప్పుడో మన మాట అయిపోయింది. ఒక్క జాగ్రత్త: జబ్బుకీ, రక్తంలో ఉన్నదానికీ "షుగర్" అనండి. డబ్బాలో ఉండి నోట్లో వేసుకునేదాన్ని ఎప్పుడూ "చక్కెర" అనే రాయండి. మన నెల్లూరు, చిత్తూరు వాళ్ళకు అది చక్కెరే. కోస్తా పై జిల్లాల వాళ్ళకు పంచదార, కాబట్టి మొదటిసారి రెండూ రాయండి. "షుగర్ పడిపోతే షుగర్ తీసుకోండి" అంటే, షుగర్ మాత్ర ఇంకోటి వేసుకున్నవాళ్ళను చూశాను నేను.

ఇక స్వేదం, ప్రకంపనల దగ్గరికి రండి. రోగి తనకు ఏమవుతోందో ఏ మాటల్లో చెబుతాడో ఆ మాటలే రాయాలి. "ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడ, ఆకలి దంచేస్తోంది, కళ్ళు తిరుగుతున్నాయి." ఇవి ఆయనకు తెలిసేవి. ఇంట్లోవాళ్ళకు కనిపించేవి వేరు: పొంతన లేకుండా మాట్లాడటం, ఊరికే విసుక్కోవడం, మాట తడబడటం. తాగి వచ్చాడనుకుని పడుకోబెట్టే ఇళ్ళున్నాయి. అందుకే వాటిని విడిగా, "పక్కనున్నవాళ్ళకు" అని రాయండి.

15 గ్రాముల లెక్క సరైనదే. కానీ వంటింట్లో తూకం పెట్టి ఎవరూ కార్బోహైడ్రేట్ కొలవరు. టీలో కలుపుకునే చిన్న చెంచాతో నిండుగా మూడు చెంచాల చక్కెర, అర గ్లాసు నీళ్ళు. ఇంతే రాయాలి. చాక్లెట్, పాలు అని కలపకండి, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వేసుకునేవాళ్ళ సంగతి మరీ వేరు. ఆ మందులు చక్కెరను పేగుల్లో విడిపోనివ్వవు కాబట్టి వాళ్ళకు మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడే కావాలి. ఆ మందుల పేర్లు కరపత్రంలో వేయకండి, జనం తికమకపడతారు. "గ్లూకోజ్ పొడి ఉంటే అదే మంచిది" అంటే అందరికీ సరిపోతుంది.

ఇన్నేళ్ళు "తీపి ముట్టొద్దు" అని వినీ వినీ ఉన్న మనిషి చెంచా చేతిలోకి తీసుకుని ఆగిపోతాడు. ఆ సంకోచం తీర్చే వాక్యం ఒకటి ఉండాలి. మీ కాగితంలో అదే లేదు.

"వైద్యుని సంప్రదించవలెను" అన్నది కొట్టేయండి. ఎప్పుడు, ఏ నంబరుకు అన్నది చెప్పండి. ఇంట్లో షుగర్ చూసుకునే మిషన్ ఉన్నవాళ్ళకు 70 అన్న అంకె ఒక్కటే ఇవ్వండి, పక్కన మిల్లీగ్రాములూ డెసిలీటర్లూ వద్దు. చాలా మిషన్లు అంకె చూపలేనంత తక్కువగా ఉంటే LO అని చూపిస్తాయి. దాన్ని మిషన్ చెడిపోయిందనుకుని బ్యాటరీ మార్చేవాళ్ళున్నారు.

నేనైతే ఇలా రాస్తాను:

"షుగర్ మరీ పడిపోతే ప్రమాదం. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణకడం, గుండె దడ, బాగా ఆకలి, కళ్ళు తిరగడం, వీటిలో ఏది అనిపించినా ఆగండి. మిషన్‌లో 70 కన్నా తక్కువ ఉన్నా, LO అని కనిపించినా అంతే. మిషన్ లేకపోతే వెతుక్కోవద్దు.

వెంటనే అర గ్లాసు నీళ్ళలో నిండుగా మూడు చిన్న చెంచాల చక్కెర, అంటే పంచదార, కలిపి తాగండి. గ్లూకోజ్ పొడి ఉంటే అదే మంచిది. మీకు షుగర్ ఉన్నా సరే, ఇప్పుడు తీపి తినాలి. ఇదే మందు. పావుగంట ఆగండి. తగ్గకపోతే ఇంకోసారి తాగండి. తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో తినండి. ఆ రోజే మాకు ఫోన్ చేయండి.

పక్కనున్నవాళ్ళకు: మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే షుగర్ పడిపోయిందేమో చూడండి. పిలిస్తే పలకకపోతే నోట్లో నీళ్ళు కూడా పోయొద్దు, ఊపిరి అడ్డుపడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి."

చూశారా, "తేరుకున్నాక" పైన ఒక "తగ్గకపోతే" దూరింది! అక్కడ చెమటలు తగ్గకపోతే అని నా ఉద్దేశం, చదివేవాడు షుగర్ తగ్గకపోతే అనుకుంటాడు. దాన్ని "చెమటలూ వణుకూ పోకపోతే" అని మార్చి రాసుకోండి. ఈ ఒక్క మాట ఎంత మొండిదో దీన్నిబట్టే తెలుస్తోంది.

అచ్చుకు ఇచ్చేముందు క్యాంపుకు వచ్చిన ఐదారుగురికి ఇది చదవనివ్వండి. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి. ఇక్కడ తెలుగు మాట్లాడుతూ తమిళం మాత్రమే చదవగలిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. "అర్థమైందా?" అని అడక్కండి, మొహమాటానికి అందరూ తలూపుతారు. కాగితం మడిచి పక్కన పెట్టి, "పొద్దున ఇంజెక్షన్ వేసుకున్నారు, బస్సులో చెమటలు పట్టాయి, ఏం చేస్తారు?" అని అడగండి. "టిఫిన్ దాకా ఓర్చుకుంటా" అన్నారంటే ఆ కాగితం ఇంకా తయారు కానట్టే. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, ఆ మాటలతోనే రాసుకుని నాకు పంపండి. ఇన్సులిన్ చీటీ పేజీ ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ