పింగ్ పలుకుతుంది, ఫైలు కదలదు

చీమకుర్తి క్వారీల నుంచి వచ్చే గెలాక్సీ నల్ల గ్రానైటులో, నల్లని నేలపై బంగారు చుక్కలు చల్లినట్టుండే మెరుపు పలకపలకకూ మారుతుంది కనుక, విదేశాల్లోని కొనుగోలుదారులు తాము కొనబోయే పలక ఫోటోనే చూపించమంటారు. ఒంగోలుకు దగ్గరలోని ఒక పాలిషింగ్ యూనిట్‌లో ఇందుకోసం ప్రతి పలకనూ ఫోటో తీసి, ఒక్కొక్కటి సుమారు 40 మెగాబైట్లుండే ఆ చిత్రాలను ఒక స్టోరేజీ పెట్టెలో భద్రపరుస్తారు. లైనక్స్ సర్వర్ ఒకటి ఆ పెట్టెను ఎన్ఎఫ్ఎస్ పద్ధతిలో మౌంట్ చేసుకొని, అంటే నెట్‌వర్క్ మీదుగా సొంత ఫోల్డర్‌లా కలుపుకొని, చిత్రాలను చదివి, చిన్న నమూనాలు తయారుచేస్తుంది. సర్వర్ ఒక స్విచ్‌కు, స్టోరేజీ మరో స్విచ్‌కు కలిపి ఉండగా, ఆ రెండు స్విచ్‌ల నడుమ ఒక ఫైబర్ తీగ ఉంది.

ఒక రాత్రి పిడుగు పడి స్టోరేజీ వైపు స్విచ్ కాలిపోయింది. తెల్లవారేసరికి అల్మరాలోని స్పేర్ స్విచ్‌ను బిగించారు, దీపాలన్నీ పచ్చగా వెలిగాయి, కానీ నమూనాల పని మాత్రం మొదటి చిత్రం దగ్గరే నిలిచిపోయింది. నేను వెళ్లేసరికి అక్కడి టెక్నీషియన్ కుర్రవాడు, "పింగ్ బాగానే వస్తోంది సార్, మౌంట్ కూడా అయింది, ఫోల్డర్‌లో పేర్లు కనపడుతున్నాయి. నెట్‌వర్క్‌లో లోపం లేదు, సర్వరే మొరాయిస్తోంది" అన్నాడు. తన మాటకు అతని దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది. తన ల్యాప్‌టాప్‌ను సర్వర్ పక్కనే, అదే స్విచ్‌కు తగిలించి అదే చిత్రాన్ని కాపీ చేస్తే ఇబ్బంది లేకుండా వచ్చేసింది. దారి ఒక్కటే, స్టోరేజీ ఒక్కటే, ఫైలు కూడా ఒక్కటే అయినప్పుడు, ల్యాప్‌టాప్‌కు వచ్చేది సర్వర్‌కు రాకపోతే తప్పు సర్వర్‌దే అనుకోవడం సహజమే. అయినా తప్పు స్విచ్‌దే. ఆ ల్యాప్‌టాప్ సాక్ష్యం ఎందుకు తప్పుదారి పట్టించిందో తెలిస్తే ఈ రకం రోగం మొత్తం తెలిసినట్టే.

ఈథర్‌నెట్‌లో సమాచారం ఫ్రేములనే మూటలుగా ప్రయాణిస్తుంది. ఒక మూటలో మోయగల సరుకుకు ఉన్న గరిష్ఠ పరిమితిని ఎంటీయూ అంటారు. మామూలుగా అది 1500 బైట్లు. స్టోరేజీ నెట్‌వర్క్‌లలో దీన్ని 9000కు పెంచుకొనే అలవాటు ఉంది, అలా పెంచిన మూటలనే జంబో ఫ్రేములంటారు. ఈథర్‌నెట్ ప్రమాణాలు రాసే ఐఈఈఈ సంఘం ఈ 9000ను ఎన్నడూ ప్రమాణంగా ఆమోదించలేదు కాబట్టి, ఏ పరికరమూ దానంతట అది జంబోను అనుమతిస్తుందని ఆశించలేము. దారిలో ఉన్న ప్రతి పోర్టులోనూ ఎవరో ఒకరు చేత్తో పెట్టాలి. కాలిపోయిన స్విచ్‌లో ఎవరో ఎప్పుడో పెట్టారు. స్పేర్ స్విచ్ మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే, 1500 దగ్గరే ఉంది.

ఇప్పుడు రెండు చివరలూ 9000, నడుమ ఒకచోట 1500. టీసీపీ సంభాషణ మొదలయ్యేటప్పుడు రెండు పక్షాలూ తమకు పంపదగిన సరుకు గరిష్ఠ పరిమాణం ఎంతో ఒకదానికొకటి చెప్పుకుంటాయి. దీన్ని ఎంఎస్ఎస్ అంటారు. 9000లోంచి ఐపీ శీర్షికకు 20, టీసీపీ శీర్షికకు 20 బైట్లు తీసేస్తే 8960 మిగులుతుంది, కాబట్టి సర్వర్ 8960 అంటుంది, స్టోరేజీ కూడా 8960 అంటుంది, ఒప్పందం కుదిరిపోతుంది. ఈ ఒప్పందంలో నడుమనున్న స్విచ్‌ను ఎవరూ అడగరు, అడిగే ఏర్పాటు కూడా లేదు. ల్యాప్‌టాప్ విషయంలోనైతే దాని ఎంటీయూ 1500 కనుక అది 1460 అని చెప్పింది, దానికి పంపేటప్పుడు స్టోరేజీ తన స్థోమత ఎంతున్నా 1460 దాటకుండా కోసి పంపింది, ఆ చిన్న మూటలు కొత్త స్విచ్‌లోంచి హాయిగా దాటిపోయాయి. అంటే చివరల్లో ఒకటి చిన్నదైతే టీసీపీ సర్దుకుంటుంది, నడుమది చిన్నదైతే సర్దుకోలేదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

మరి పెద్ద మూటను పారేసిన స్విచ్, పారేశానని ఎందుకు చెప్పదు? ఆ స్థానంలో రౌటర్ ఉండి ఉంటే చెప్పేది. విడగొట్టవద్దని గుర్తు పెట్టిన ప్యాకెట్ తన దారికి మించి పెద్దదైతే, రౌటర్ దాన్ని పారేసి, ఇక్కడ 1500కు మించి పోదని పంపినవారికి ఒక ఐసీఎంపీ సందేశం రాస్తుంది. ఈ పద్ధతి 1990 నాటి ఆర్ఎఫ్‌సీ 1191లో ఉంది. కానీ ఒకే సబ్‌నెట్‌లో ఫ్రేములను అటూ ఇటూ దాటించే స్విచ్ ఐపీ చిరునామాల జోలికి పోదు, తిరుగు జాబు రాయడం దాని పనే కాదు. మితిమీరిన ఫ్రేము వస్తే దాన్ని వదిలేసి, పోర్టు లెక్కలో ఒక అంకె పెంచుకొని ఊరుకుంటుంది.

కనుక పంపినవారికి తెలిసేదల్లా జవాబు రాలేదన్నదే. సర్వర్ నుంచి స్టోరేజీకి ఒక ఫైలు రాయిస్తూ, సర్వర్ మీద `ss -ti dst 192.168.50.20` అని అడిగితే వచ్చిన సమాచారంలో మనకు పనికివచ్చే ముక్క ఇది:

```
rto:12864 backoff:6 mss:8948 pmtu:9000
```

ఎంఎస్ఎస్ 8960కి బదులు 8948 ఉండడానికి కారణం, టీసీపీ కాలముద్ర కోసం మరో 12 బైట్లు పోవడం. అసలు చూడవలసింది మొదటి రెండు అంకెలు. మొదట సుమారు 201 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ పంపింది, జవాబు లేక రెట్టింపు ఆగింది, ఆపైన దానికీ రెట్టింపు. అలా ఆరుసార్లు రెట్టించేసరికి నిరీక్షణ దాదాపు 13 సెకన్లయింది. మామూలు టీసీపీ కనెక్షన్‌లో ఈ నిరీక్షణ రెండు నిమిషాల దాకా పెరుగుతూ పోతుంది, లైనక్స్ ఆ కనెక్షన్‌పై ఆశ వదులుకోవడానికి పావుగంట పైనే పడుతుంది. ఎన్ఎఫ్ఎస్ అంతకన్నా ముందే వదిలేసినా, మామూలు మౌంట్ అయితే మళ్లీ కనెక్షన్ కట్టి మొదటికొస్తుంది. అందుకే తెర మీద ఏ దోషమూ కనపడదు, కాపీ కట్టెలా బిగుసుకుపోయి ఉంటుంది.

చిన్నవి ఎందుకు పోతున్నాయో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు. లైనక్స్‌లో మామూలు పింగ్ మోసేది 56 బైట్లే, శీర్షికలతో కలిపి 84. మౌంట్ అభ్యర్థనలు, ఒక ఫైలు వివరాలు, కొద్ది పేర్లే ఉన్న ఫోల్డర్ జాబితా, ఇవన్నీ 1500 లోపే ఇమిడిపోతాయి. ఒక కిలోబైటు టెక్స్ట్ ఫైలు తెరుచుకుంటుంది, నాలుగు కిలోబైట్లది తెరుచుకోదు. వందల పేర్లున్న ఫోల్డర్‌లో జాబితా అడిగినా ఇదే గతి. చాలామంది దీన్ని చూసి డిస్కు పాడైందని అనుకుంటారు.

తేల్చుకోవడానికి కావలసింది సరైన పరిమాణంలో ఒక పింగ్. 9000లోంచి ఐపీకి 20, పింగ్ వాడే ఐసీఎంపీకి 8 తీసేస్తే 8972. విడగొట్టవద్దని గట్టిగా చెప్పి పంపాలి:

```
ping -M do -s 8972 -c 3 192.168.50.20
ping -M do -s 1472 -c 3 192.168.50.20
```

మొదటిదానికి నిశ్శబ్దం, రెండోదానికి మూడు జవాబులూ వచ్చాయి. 1473 పెడితే మళ్లీ నిశ్శబ్దం. ఒక్క బైటు తేడాతో ఇంత స్పష్టంగా గీత కనపడితే అది తీగ లోపమో, రద్దీయో కాదు. నిశ్శబ్దానికీ, దోష సందేశానికీ తేడా గమనించాలి: `message too long, mtu=1500` అని వెంటనే వస్తే మన సొంత ఇంటర్‌ఫేసే 1500 దగ్గర ఉందని అర్థం, ప్యాకెట్ గడప కూడా దాటలేదు. ఏమీ రాకపోతే ప్యాకెట్ బయలుదేరి దారిలో పోయిందన్నమాట.

కుర్రవాడు పెద్ద పింగ్ కూడా చేసి చూశానన్నాడు. చేసింది ల్యాప్‌టాప్ నుంచి, అదీ విడగొట్టవద్దన్న షరతు లేకుండా. అప్పుడు ల్యాప్‌టాప్ ఆ 8972ను తన 1500కు తగ్గట్టు ఏడు ముక్కలు చేసి పంపింది, అవి కొత్త స్విచ్‌ను దాటిపోయాయి, అంటే అటు వెళ్లే పెద్ద మూటకు దారి ఉందో లేదో ఆ ముక్కలు చెప్పలేవు. పరీక్షను రోగం ఉన్న యంత్రం నుంచే చేయాలి.

ఏ స్విచ్ అన్నది పోర్టు లెక్కలు చెప్పాయి. ఒక్కో తయారీదారు ఈ అంకెకు ఒక్కో పేరు పెడతారు, ఓవర్‌సైజ్ అనో, జెయింట్స్ అనో ఉంటుంది. సర్వర్ నుంచి వంద పెద్ద పింగులు పంపితే కొత్త స్విచ్‌లో, సర్వర్ వైపు స్విచ్‌కు కలిపిన పోర్టు మీద ఆ అంకె సరిగ్గా వంద పెరిగింది. చిత్రం చదవబోతే మాత్రం స్టోరేజీ వైపు పోర్టు మీద పెరిగింది, ఎందుకంటే అప్పుడు పెద్ద ఫ్రేములు వచ్చేది అటునుంచి.

సర్దుబాటు చిన్నదే. స్విచ్‌లో 9000 అని కాకుండా, అది అనుమతించే గరిష్ఠం, చాలా వాటిలో 9216, పెట్టడం మేలు. కొందరు తయారీదారులు ఈథర్‌నెట్ శీర్షికను కలిపి లెక్కిస్తారు, కొందరు కలపరు, వీలాన్ గుర్తుకు మరో 4 బైట్లు కావాలి. స్విచ్‌కు కాస్త వదులు ఉంటే నష్టం లేదు, కొసలు రెండూ ఒకే అంకె మీద ఉంటే చాలు. మార్చే క్రమం కూడా అందుకు తగ్గట్టే ఉండాలి: పెంచేటప్పుడు స్విచ్‌లు ముందు, కొసలు తర్వాత; తగ్గించేటప్పుడు కొసలు ముందు. కొన్ని స్విచ్‌లు ఈ మార్పు తర్వాత రీబూట్ చేస్తేగాని మాట వినవు.

లైనక్స్‌లో `net.ipv4.tcp_mtu_probing` అనే సదుపాయాన్ని 1 చేస్తే, పదేపదే జవాబు రానప్పుడు టీసీపీ తనంతట తానే మూట తగ్గించి చూస్తుంది. స్టోరేజీ నెట్‌వర్క్‌లో నేనైతే దీన్ని వాడను. ఆగిపోయే కాపీ ఆ పూటే దొరుకుతుంది, తడబడుతూ నడిచే కాపీ ఆరు నెలలైనా దొరకదు.

ఇంత కష్టపడి జంబో ఎందుకని యజమాని అడిగారు. 1500 మూటలో, తీగ మీద ముందూ వెనుకా పోయే ఖర్చంతా కలిపితే 1538 బైట్ల చోటులో 1460 సరుకు, అంటే 95 శాతం. జంబోలో 9038కి 8960, అంటే 99 శాతం. లాభం నాలుగు శాతమే. అసలు మేలు లెక్కలో ఉంది: పది గిగాబిట్ల తీగ నిండుగా నడిస్తే సెకనుకు 8.1 లక్షల మూటలకు బదులు 1.4 లక్షలే సర్వర్ సర్దుకోవాలి. ఇప్పటి నెట్‌వర్క్ కార్డులు ఈ కోత, అతుకు పనిని చాలావరకు తామే చేస్తాయి కనుక ఆ మేలు కూడా మునుపటంత లేదు. ఆ యూనిట్‌కు 1500 సరిపోతుందనే చెప్పాను. ఆయన 9000నే ఉంచమన్నారు.

9216 పెట్టాక 8972 పింగ్‌కు మూడు జవాబులూ వచ్చాయి, మొదటి చిత్రం కదిలింది. మార్పును స్విచ్‌లో సేవ్ చేయడం మరిచిపోతే తర్వాతి కరెంటు కోతకు మళ్లీ 1500కే వస్తుంది కాబట్టి, కుర్రవాడు సేవ్ చేసి, ఒకసారి కరెంటు తీసి పెట్టి, పెద్ద పింగ్ మళ్లీ చూశాడు. తర్వాత అల్మరాలో మిగిలిన మరో స్పేర్‌ను కూడా దించి, దుమ్ము దులిపి, దానికీ అదే అంకె పెట్టాడు.