వేడి ఎక్కడ పుడుతోంది?

మే నెలలో ఒక మధ్యాహ్నం మా పిన్ని ఫోన్ పట్టుకొచ్చింది. "ఛార్జింగ్ పెడితే చెయ్యి కాలుతోందిరా, పేలుతుందేమో!" అంది. ఎంత కాలుతోందని నేను అడగలేదు, ఎక్కడ కాలుతోందని అడిగాను. "ఇదిగో, వైరు గుచ్చే చోట" అంది. సగం జవాబు అక్కడే దొరికింది.

బ్యాటరీలోకి కరెంటు ఎక్కేటప్పుడు లోపలి నిరోధం వల్ల కొంత శక్తి వేడిగా పోతుంది. 20 వాట్లతో ఛార్జ్ చేస్తే దాదాపు 2 వాట్లు అలా వేడిగా మారతాయనుకోండి. ఆ వేడి ఫోన్ వీపంతా పరుచుకుంటుంది కాబట్టి ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. 80 శాతం దాటాక ఫోనే కరెంటు తగ్గించుకుంటుంది, వేడీ దిగుతుంది. ఇలా పెరిగి తగ్గే వేడికి భయపడక్కర్లేదు.

ఆ 2 వాట్లు బయటికి పోవడానికి దారి ఫోన్ బయటి ఉపరితలమే. మందపాటి రబ్బరు కవరు తొడిగి పరుపు మీద పెడితే అది వేసవిలో రగ్గు కప్పుకున్నట్టే. గది 40 డిగ్రీలుంటే వేడి పోవడం ఇంకా కష్టం. ఇది తేల్చుకోవడం తేలిక. కవరు తీసి, ఫోన్‌ను గచ్చు మీద పెట్టి, పావుగంట ఆగి చూడండి. చల్లబడితే తప్పు కవరుదో పరుపుదో.

పిన్ని ఫోన్ మాత్రం కవరు తీసినా అలాగే ఉంది. వీపు చల్లగా ఉంది, పోర్టు దగ్గర అంగుళం మేర మాత్రమే కాలుతోంది. అంటే వేడి పుడుతున్నది బ్యాటరీలో కాదు, కనెక్టర్ అతుకులో. పోర్టులో చేతిసంచి నూగు పేరుకుని వైరు పూర్తిగా లోపలికి దిగడం లేదు. అక్కడ అదనంగా 0.1 ఓమ్ నిరోధం ఏర్పడినా, 3 ఆంపియర్ల కరెంటుకి 0.9 వాట్లు పుడతాయి. గోరంత చోట అది చాలా ఎక్కువ. ఫోన్ ఆపేసి చెక్క పుల్లతో నూగు మెల్లగా తీశాను, సగం తగ్గింది. సంతలో కొన్న కేబుల్ మార్చాక మిగతాదీ పోయింది.

ఛార్జర్ దిమ్మ కూడా కాస్త వెచ్చబడటం మామూలే. కాలిన వాసన, బుస్సుమనే చప్పుడు, పిన్నుల దగ్గర గోధుమ రంగు మచ్చ కనిపిస్తే మాత్రం వెంటనే తీసేయాలి. కొనేటప్పుడు దాని మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, R- తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. నకిలీల మీదా అచ్చు వేస్తారు కాబట్టి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడటం మేలు.

అసలు భయపడాల్సింది వేడికన్నా ఉబ్బుకి. పాడైన బ్యాటరీలో ఎలక్ట్రోలైట్ అనే రసాయన ద్రవం విడిపోయి వాయువు పుడుతుంది, బ్యాటరీ మెత్తటి సంచి పొంగుతుంది. బల్ల మీద వెల్లకిలా పెట్టి తిప్పితే ఫోన్ బొంగరంలా తిరుగుతుంది (కెమెరా గుబ్బ ఉన్నవాటికి ఈ పరీక్ష పనికిరాదు), లేదా స్క్రీన్ అంచు లేచి సందు కనిపిస్తుంది. వాడకపోయినా, ఛార్జింగ్ లేకపోయినా వీపు వేడిగా ఉండటమూ ఇలాంటి సూచన కావచ్చు. అప్పుడు ఫోన్ ఆపేసి, ఛార్జింగ్ మాని, నొక్కకుండా, పొడవకుండా, కాలే వస్తువులకు దూరంగా ఉంచి సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయాలి. "గాలి తీస్తే సరిపోతుంది" అని సూది గుచ్చేవాళ్లున్నారు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే క్షణాల్లో మంటలు లేస్తాయి.